ఆఫీసులో సహోద్యోగి ఏడ్చేస్తే: మొదటి నిమిషం నుంచి తర్వాతి రెండు వారాల దాకా ఏం చేయాలి

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో చాలా మీటింగ్ రూములకి గోడలుండవు, అద్దాలుంటాయి. లోపల ఎవరైనా కళ్లు తుడుచుకుంటే బయట ఫ్లోరంతా చూస్తుంది. ఏడ్చిన మనిషిని ఆ పూట ఎక్కువ కుంగదీసేది చాలాసార్లు అసలు కారణం కాదు, అందరూ చూశారన్న సంగతి. మర్నాడు సెలవు పెట్టేది అందుకే. కొన్ని నెలలకి రాజీనామాలో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసేదీ ఒక్కోసారి అందుకే.

ఏడుపు ముంచుకొచ్చిన మనిషికి తన మొహం తన మాట వినదు, గొంతు పలకదు, ఎక్కడికి వెళ్లాలో తోచదు. కాబట్టి పక్కవాళ్లు ఓదార్చడం కన్నా ముందు చేయాల్సిన పని, ఆ పగ్గాలు ఒక్కొక్కటే తిరిగి తన చేతికి అందించడం. ఎక్కడ కూర్చోవాలి, ఎవరు పక్కనుండాలి, ఎవరికి ఎంత చెప్పాలి, ఇంటికి ఎప్పుడు వెళ్లాలి అన్నవి తనే తేల్చుకునేలా చూడాలి. మంచి మనసుతో చేసే తప్పులు చాలావరకు ఇవన్నీ మనమే తేల్చేయడం వల్ల జరుగుతాయి.

గాల్లో చెప్పకుండా ఒక సందర్భం తీసుకుందాం. ఇది ఫలానావాళ్ల కథ కాదు, ఏ ప్రాజెక్టులోనైనా జరిగేదే. రాత్రి ఏడున్నరకి క్లయింట్‌తో కాల్. ముందురోజు రిలీజ్ తర్వాత పేమెంట్ పేజీ రెండు గంటలు ఆగిపోయింది. రూములో నలుగురున్నారు: సీనియర్ టెస్టర్‌గా చేస్తున్న ముప్పై రెండేళ్ల ఆవిడ, టీమ్ లీడ్, ఇద్దరు డెవలపర్లు. మేనేజర్ బెంగళూరు నుంచి కాల్‌లో ఉన్నాడు. దీన్ని టెస్ట్ చేసి ఓకే చెప్పిందెవరని క్లయింట్ అడిగాడు. ఆవిడ జవాబు మొదలుపెట్టింది, రెండో వాక్యానికి గొంతు పూడుకుపోయింది, కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

మొదటి అరనిమిషం: అందరి చూపూ అటు నుంచి తిప్పడం

ఆ క్షణంలో లీడ్ చేయాల్సింది ఆవిడ వైపు తిరిగి ‘ఏమైంది?’ అనడం కాదు. మాట తను అందుకోవాలి. ‘దీని వివరాలు నేను చెప్తాను. ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నది రేపు మధ్యాహ్నానికల్లా రాసి పంపిస్తాం’ అంటే క్లయింట్‌కి కావాల్సింది దొరికింది. ‘మా టెస్టర్ కొంచెం అప్‌సెట్ అయ్యారు’ అని కాల్‌లో ప్రకటించక్కర్లేదు. రూములో కెమెరా ఉంటే ఆపేయండి, ఆవిడ మైక్ మ్యూట్‌లో పెట్టండి.

మిగతా ఇద్దరు డెవలపర్లకీ పని ఉంది. ఒకరు ఆవిడతో బయటికి వెళ్లాలి. రెండోవాళ్లు కూర్చున్న చోటే కూర్చుని ల్యాప్‌టాప్ చూసుకోవాలి. ముగ్గురూ లేచి చుట్టూ మూగితే అది పరామర్శ అవుతుంది. ఎవరు వెళ్లాలన్నది హోదాని బట్టి కాదు, ఆవిడతో చనువుని బట్టి. రోజూ కలిసి భోంచేసే జూనియర్ అమ్మాయి ‘అక్కా, ఒక్క నిమిషం బయటికి వెళ్దాం రా’ అంటే లేచినంత తేలిగ్గా మేనేజర్ పిలిస్తే ఎవరూ లేవరు.

అదే మనిషి ఇంటి నుంచి కాల్‌లో ఉంటే విడిగా ఒక మెసేజ్ చాలు: ‘మీరు డ్రాప్ అయిపోండి, నేను చూసుకుంటా. పావుగంటలో ఫోన్ చేయనా, వద్దా?’ ఆ ‘వద్దా’ అన్న మాట ముఖ్యం. అది లేకపోతే మీ మెసేజ్ ఇంకో డిమాండ్ అవుతుంది.

ఎవరికీ గుర్తురాని విషయం ఒకటుంది, రికార్డింగ్. టీమ్స్‌లోనో జూమ్‌లోనో రికార్డ్ అయిన కాల్ తాలూకు లింకు, అక్షరాల్లోకి మారిన సంభాషణ తర్వాత కాల్‌లో ఉన్నవాళ్లకి కనిపించే అవకాశం ఉంది. రానివాళ్లు మర్నాడు ఆ వీడియో పెట్టుకుని చూస్తారు. కాల్ పెట్టినవాళ్లు అదే రాత్రి లింకు ఎవరెవరికి తెరుచుకుంటుందో చూసుకుని, ఆ భాగం కత్తిరించాలి. కత్తిరించే వీలు లేకపోతే, కంపెనీ నియమాలు ఒప్పుకుంటే, లింకు తీసేసి నిర్ణయాలు మాత్రం మెయిల్లో రాసి పంపితే సరిపోతుంది.

ఎక్కడికి తీసుకెళ్లాలి

బయటికి వచ్చేటప్పుడు ఆవిడ ఐడీ కార్డు, ఫోన్, హ్యాండ్‌బ్యాగ్ మీరు చేత్తో పట్టుకోండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, యాక్సెస్ కార్డు లేక తలుపు తెరుచుకోక, ఎర్రబడ్డ కళ్లతో సెక్యూరిటీ గార్డు ముందు నిలబడాల్సి రావడం ఏమీ బాగుండదు. బ్యాగ్ సీట్లో ఉండిపోతే ఇంటికి వెళ్లేముందు మళ్లీ ఫ్లోరంతా దాటుకుని రావాలి.

చాలామంది వాష్‌రూమ్‌కి తీసుకెళ్తారు. మొహం కడుక్కోవడానికి తర్వాత ఎలాగూ వెళ్తారు గానీ, కూర్చుని తేరుకోవడానికి అది చోటు కాదు. రెండు నిమిషాలకోసారి ఎవరో వస్తారు, ‘అయ్యో ఏమైంది?’ అంటారు, ఏడుపు మళ్లీ మొదటికొస్తుంది. ఫైర్ మెట్ల దగ్గర ఏకాంతం ఉంటుంది, కానీ కొన్ని భవనాల్లో ఆ తలుపు మెట్ల వైపు నుంచి తెరుచుకోదు, కింది అంతస్తు దాకా దిగాల్సిందే. ఫస్ట్‌ఎయిడ్ రూము, ఖాళీగా ఉన్న ట్రైనింగ్ రూము, లేదంటే కింద కాంపౌండ్‌లో నడక, వీటిలో ఏదైనా మంచిదే. ఎక్కడికి వెళ్దామని ఊరికే అడిగితే అప్పుడు జవాబు రాదు, ఆలోచించే స్థితి కాదది. రెండింట్లో ఒకటి ఎంచుకోమనండి: ‘ట్రైనింగ్ రూములో కూర్చుందామా, కిందకి వెళ్లి నడుద్దామా?’

అద్దాల గది తప్ప ఇంకేదీ దొరకకపోతే ఆవిడ వీపు అద్దం వైపు ఉండేలా కుర్చీ తిప్పండి. బయటివాళ్లకి మీ మొహం కనపడాలి, తనది కాదు. ఎదురెదురుగా టేబుల్ వేసుకుని కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది, కొంచెం పక్కకి కూర్చోండి. వచ్చింది మగవాళ్లయితే తలుపు ఓరగా తెరిచి ఉంచి, ‘ఎవరినైనా పిలవనా, నేనుంటే ఫర్వాలేదా?’ అని ఒక్కసారి అడగడం ఇద్దరికీ మంచిది. భుజం తట్టడం, చెయ్యి పట్టుకోవడం ఆవిడే చెయ్యి చాపితే తప్ప వద్దు. ఇంట్లో సహజంగా చేసేదే ఆఫీసులో, అందులోనూ పైఅధికారి చేస్తే, భారంగా ఉంటుంది.

ఆ తర్వాత పది నిమిషాలు: నోరు కట్టేసుకోవడం

మన వైపు నిశ్శబ్దాన్ని ఎవరూ భరించలేరు. అందుకే కష్టమైనది ఈ పది నిమిషాలే. టిష్యూ డబ్బా చేతికి అందే దూరంలో పెట్టండి, తీసి మొహం ముందు చాపకండి. అలా చాపితే ‘ఇక తుడుచుకో’ అన్నట్టు ఉంటుంది. ఒక గ్లాసు నీళ్లు పెట్టండి. ‘తొందరేం లేదు, నేనిక్కడే ఉంటా’ అని ఒక్కమాట చెప్పి ఊరుకోండి.

ఏడుపు దానంతటదే తగ్గుముఖం పడుతుంది, మనం మళ్లీ రాజేయకపోతే. రాజేసేవి ప్రశ్నలు: ఎందుకు, ఎప్పట్నుంచి, ఇంట్లో గొడవా, ఎవరైనా ఏమైనా అన్నారా. ఒక్కో ప్రశ్నకీ కారణం మళ్లీ కళ్లముందు ఆడుతుంది. ‘ఇంత చిన్న దానికా?’, ‘నువ్వు స్ట్రాంగ్ కదా!’ అన్నవి కూడా రాజేసేవే. ఇంకో రకం ఉంది, ‘పోయినేడాది నా పరిస్థితి ఇంకా ఘోరం తెలుసా’ అంటూ సొంత కథ ఎత్తుకోవడం. తోడుగా ఉన్నామని చెప్పాలన్నదే వాళ్ల ఉద్దేశం. కానీ ఐదు నిమిషాలయ్యేసరికి ఏడ్చిన మనిషే వాళ్లని ఓదార్చాల్సి వస్తుంది.

ఊపిరి బాగా ఎగబోస్తుంటే, చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే అది భయంతో వచ్చిన పానిక్ అయ్యుండొచ్చు. గాలి పీల్చిన దానికన్నా వదలడం నెమ్మదిగా చేయమని చెప్పి, మీరూ పక్కన అలాగే చేయండి. చెబితే వినడం కన్నా చూసి అనుసరించడం అప్పుడు తేలిక. కానీ ఛాతీలో నొప్పి, ఎడమచేతికి లాగడం, స్పృహ తప్పేలా ఉండటం ఉంటే అది ఏడుపు వల్లేనని మీరు తేల్చేయకండి, 108కి ఫోన్ చేయండి.

తేరుకున్నాక అడగాల్సిన ఒక్క ప్రశ్న

శ్వాస కుదుటపడి, మనిషి మొహం పైకెత్తాక ఇలా అడగండి: ‘ఇప్పుడు నేనేం చేస్తే బాగుంటుంది? వినమంటారా, ఏదైనా పని చూసిపెట్టమంటారా, ఊరికే కూర్చోమంటారా?’ కారణం అడగలేదు చూశారా. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు. చెప్పకపోయినా మీ సాయానికి లోటేమీ రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో విపత్తుల్లో పనిచేసేవాళ్ల కోసం మానసిక ప్రథమ చికిత్స మీద ఒక మార్గదర్శిని తెచ్చింది. అందులో ఉన్న పద్ధతి మూడే మాటలు: చూడు, విను, అవసరమైన సాయంతో కలుపు. తవ్వి అడగమని, జరిగింది పూర్తిగా చెప్పించమని అందులో ఎక్కడా లేదు. తుఫాను బాధితుల దగ్గరే అలా అడగొద్దంటే, మీటింగ్ రూములో అడగాల్సిన అవసరం ఏముంటుంది?

మన సందర్భంలో ఆవిడ కాసేపాగి, వెంట వచ్చిన జూనియర్ అమ్మాయికి తనే చెప్పింది. రెండు వారాల కిందట గర్భస్రావమైంది. జ్వరమని చెప్పి మూడు రోజులు సెలవు పెట్టి, రిలీజ్ ఉందని వచ్చేసింది. అత్తగారింట్లో తప్ప ఎవరికీ తెలియదు. ఇలాంటిది విన్నప్పుడు నోటికొచ్చే మొదటి మాట మింగేయడం మంచిది. ‘పర్లేదక్కా, మళ్లీ అవుతుందిలే’ అన్నది మన ఊళ్లలో ఆశీర్వాదం లాంటిది, కానీ అప్పటికి ఆ మాట పోయినదాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. ఎన్నో నెల, డాక్టరేమన్నారు, ఎందుకలా అయింది అన్నవీ వద్దు. ‘అక్కా, ఇంత బాధ పెట్టుకుని ఇన్ని రోజులు పనిచేశారా! నాకు చెప్పినందుకు మంచిదే అయింది’ అంటే చాలు. తర్వాత ఆవిడ ఎంత మాట్లాడితే అంత వినాలి.

రహస్యం గురించి మాటిచ్చేముందు

‘ఎవరికీ చెప్పకు’ అని అడుగుతారు. ‘ఒట్టు, చచ్చినా చెప్పను’ అనేయడం తేలిక, నిలబెట్టుకోవడం కష్టం. ‘మిమ్మల్ని అడక్కుండా ఎవరికీ చెప్పను. మీ ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం సాయం పిలుస్తా’ అని అప్పుడే చెప్పేయాలి. ఆ వెంటనే ఇంకో విషయం తేల్చుకోవాలి, లీడ్‌కి ఏం చెప్పాలి, మేనేజర్‌కి ఏం చెప్పాలి అని. ‘ఒంట్లో బాలేదు, ఇంటికెళ్లారు అని మాత్రం చెప్తా. సరేనా, ఇంకేమైనా చెప్పమంటారా?’ ఏ మాట వాడాలో తనతోనే చెప్పించండి. ఇక్కడ ముందే అనుకోకపోతే లీడ్ ఒకటి, మీరొకటి చెబుతారు. ఆ రెంటి మధ్య తేడాలోంచే పుకారు పుడుతుంది.

మీరు పైఅధికారి అయితే ఒక మెలిక ఉంది. ఏడుపుకి కారణం ఆఫీసులో ఎవరో లైంగికంగా వేధించడం అని బయటపడితే, అది ఇద్దరి మధ్య రహస్యంగా ఉంచుతానని మాటివ్వకండి. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడానికి మామూలుగా మూడు నెలల గడువు. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. మీరు చేయాల్సింది ఆ గడువు, కమిటీలో ఎవరున్నారు, రాయడానికి సాయం దొరుకుతుంది అన్న సంగతులు చెప్పడం, మెసేజ్‌లు ఉంటే చెరిపేయొద్దని చెప్పడం. అవతలి మనిషిని పిలిచి ‘ఏంటి సంగతి’ అని మీరే పంచాయితీ పెట్టడం మాత్రం అస్సలు వద్దు. దానివల్ల ఆవిడకి ప్రమాదం, విచారణకీ చేటు.

ఇంటికి పంపడం

ఉండాలా వెళ్లాలా అన్నది కూడా ఆవిడ ఇష్టమే. కొందరికి ఇంటికన్నా డెస్కే నయం. ‘వెళ్లిపో, రెస్ట్ తీసుకో’ అని తరిమినట్టు పంపేస్తే పనికిరానన్నట్టు అనిపిస్తుంది. వెళ్తానంటే స్కూటీ మీద పంపకండి. ఔటర్ సర్వీసు రోడ్డు మీద రాత్రి ఎనిమిదింటికి కళ్లనిండా నీళ్లతో బండి నడపడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఆఫీసు క్యాబ్ పెట్టించండి, బండి పార్కింగ్‌లో ఉంటుంది. ఏమైనా తిన్నారా అని అడగండి, మధ్యాహ్నం నుంచి ఏమీ తిననివాళ్లు చాలామంది ఉంటారు. చేరాక ఒక మెసేజ్ పెట్టమని చెప్పండి. పెట్టకపోతే ఒకసారి ఫోన్ చేయండి, పది సార్లు కాదు.

రూములో ఉన్న మిగతావాళ్లకి లీడ్ ఒక్క వాక్యం చెప్పాలి. ‘ఆ రిలీజ్ మీద చాలా పట్టింపుతో పనిచేశారు, ఈ పూట ఒంట్లో బాలేక ఇంటికెళ్లారు. దీని గురించి బయట మాట్లాడొద్దు.’ పని మీద పట్టింపు అన్న ఆ ముక్క నేను ఊరికే వాడలేదు. ఆఫీసులో ఏడుపు గురించి ఎలిజబెత్ బెయిలీ వుల్ఫ్, ఆమె సహ పరిశోధకులు అమెరికాలో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే తేలింది. భావోద్వేగానికి లోనయ్యానని చెప్పుకున్నవాళ్ల కన్నా, పని మీద మమకారం వల్ల అలా అయిందని చెప్పుకున్నవాళ్లని చూసేవాళ్లు ఎక్కువ సమర్థులుగా లెక్కగట్టారు. అయితే అది నిజమైతేనే అనండి. ఇక్కడ అది నిజమే, మూడు రోజుల్లో తిరిగొచ్చింది ఆ రిలీజ్ కోసమే కదా.

మేనేజర్ వంతు: ఆ రాత్రి, మర్నాడు

ఆ రాత్రి మేనేజర్ ఒక మెసేజ్ పంపాలి, ఒక్కటే: ‘కాల్ సంగతి మేం చూసుకున్నాం. రేపటి రిపోర్టు లీడ్ రాస్తున్నారు. మీకు వీలైనప్పుడు మాట్లాడదాం, దీనికి ఇప్పుడు జవాబివ్వక్కర్లేదు.’ ఏడ్చిన మనిషి ఆ రాత్రి నిద్రపోకుండా ఆలోచించేది రెండే. పని ఆగిపోయిందా, నా గురించి ఏమనుకుంటున్నారు. ఆ మెసేజ్‌లో రెంటికీ జవాబుంది.

మర్నాడు ఉదయం మామూలుగా పలకరించండి. గొంతు తగ్గించి, తల పక్కకి వంచి ‘ఎలా ఉన్నారు’ అని ప్రతివాళ్లూ అడిగితే అది రోజంతా సాగే పరామర్శే. విడిగా మాట్లాడటానికి ముప్పై నిమిషాలు తీసుకోండి. క్యాలెండర్లో అందరికీ కనిపించేలా ‘వెల్‌బీయింగ్’ లాంటి పేరు పెట్టకండి, ఎప్పుడూ ఉండే వన్ ఆన్ వన్ పేరే ఉంచండి.

ఈ సంభాషణలో జాలి కన్నా సమాచారం ఎక్కువ పనికొస్తుంది. మన సందర్భంలో ఆవిడ మేనేజర్‌కి కూడా చెప్పడానికి ఒప్పుకుంది అనుకుందాం. చాలామంది మేనేజర్లకి తెలియని సంగతి ఏమిటంటే, గర్భస్రావమైతే ఆరు వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉన్న ఈ నిబంధన 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. అవి గర్భస్రావమైన మర్నాటి నుంచి లెక్కించే ఆరు వారాలు. రెండు వారాలు అప్పటికే గడిచాయి కాబట్టి ఆలస్యం చేయకూడదు. డాక్టరిచ్చిన ధ్రువపత్రం కావాలి. అది మేనేజర్ చూడక్కర్లేదు, నేరుగా హెచ్‌ఆర్‌కి పంపిస్తే సరిపోతుంది. జ్వరం పేరుతో పోయిన మూడు సిక్ లీవుల్ని ఇందులోకి మార్చమని కూడా హెచ్‌ఆర్‌ని అడగొచ్చు. ఇవన్నీ తనే వెతుక్కునే ఓపిక అప్పుడు ఆవిడకి ఉండదు. వెతికిపెట్టడం మీ పని, వాడుకోవాలా వద్దా అన్నది తన ఇష్టం.

సెలవు వద్దు, పనిచేస్తానంటే పని తగ్గించే మాట ఎత్తండి, కానీ ‘కొంచెం లైట్ తీసుకోండి’ లాంటి మాట వల్ల ఏమీ తగ్గదు. కాగితం తీసి ఆవిడ చేస్తున్న పనులు రాయండి. టెస్టింగ్, రోజూ రాత్రి క్లయింట్ కాల్, వారంలో రెండు రాత్రులు ఆన్‌కాల్, ఇద్దరు కొత్తవాళ్లకి నేర్పించడం. వీటిలో ఏ రెండు పక్కన పెడితే ఊపిరాడుతుందో అడగండి. ఆన్‌కాల్, క్లయింట్ కాల్ అందనుకుందాం. ఆన్‌కాల్ రెండు వారాలు వేరేవాళ్లకి, కాల్ లీడ్‌కి. ఫలానా సోమవారం మళ్లీ కూర్చుని చూద్దామని తారీఖు అక్కడే వేయండి. తారీఖు లేకుండా తీసేస్తే అది సాయంలా కాక, నమ్మకం పోయి పక్కన పెట్టినట్టుంటుంది. అడక్కుండా అన్నీ తీసేసినా అంతే. దయతో చేసిన ఆ పనికి అప్రైజల్‌లో ‘బాధ్యతలు తగ్గాయి’ అన్న ముద్ర పడుతుంది. ఆ రెండు వారాల తగ్గింపు రేటింగ్‌కి లెక్కకి రాదని మెయిల్లో రాసి ఇవ్వండి. ఆ మెయిల్లో ఏడుపు ప్రస్తావన, గర్భస్రావం ప్రస్తావన ఉండకూడదు, ‘ఆరోగ్య కారణాల వల్ల’ అంటే చాలు.

మరి పేమెంట్ పేజీ సంగతి? అది మాట్లాడాలి, అయితే అదే కూర్చోవడంలో కాదు. రెండు మూడు రోజులాగి, విడిగా, మామూలు గొంతుతో మాట్లాడాలి. ఏడ్చారని తప్పు అసలు ఎత్తకపోవడం పైకి దయలా ఉంటుంది గానీ, ‘ఈవిడకి నిజం చెప్పలేం’ అని తేల్చేయడమే అది.

ఏడిపించింది మీరే అయితే

అప్రైజల్ చెబుతుండగానో, తప్పు ఎత్తి చూపుతుండగానో ఎదుటి మనిషి ఏడ్చేస్తే మేనేజర్లు రెండు విధాలుగా తడబడతారు. కొందరు కంగారుపడి ‘అబ్బే, అంత పెద్ద విషయం కాదులెండి’ అని చెప్పిందంతా వెనక్కి తీసుకుంటారు. రేటింగ్ మారదు, మాట మాత్రం మారింది, తర్వాత ఇద్దరికీ అయోమయం. ఇంకొందరు స్క్రీన్ చూస్తూ తర్వాతి పాయింట్ చదివేస్తారు. రెండూ వద్దు. ఆగండి. ‘ఇది వినడం కష్టంగా ఉందని తెలుస్తోంది. ఐదు నిమిషాలు ఆగుదామా, మిగతాది రేపు పదకొండింటికి చూద్దామా?’ అని అడగండి. మాట అలాగే ఉంటుంది, ఎప్పుడు వినాలన్నది మాత్రం వాళ్ల చేతిలో ఉంటుంది. రేపటికి పెట్టుకుంటే ఈలోగా చెప్పాలనుకున్న అంశాలు రాసి ఇవ్వండి, ఏడుస్తూ విన్నది ఎవరికీ సగం కూడా గుర్తుండదు.

ఏడుపుని ఎత్తుగడగా చూసే మేనేజర్లూ ఉన్నారు. ‘ఏడిస్తే వదిలేస్తాననుకుంటున్నారు’ అంటారు. అలా ఉండొచ్చు, ఉండకపోవచ్చు, అది తేల్చే పని మీకెందుకు? పైన చెప్పిన పద్ధతిలో మాట వెనక్కి పోలేదు, గడువు మారలేదు. ఎత్తుగడైనా దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మగవాళ్లు ఏడ్చినప్పుడు

అడుగులన్నీ ఇవే, ఒక్క తేడా తప్ప. మగవాళ్లు ఏడిస్తే టీమ్ జోక్ చేస్తుంది. ‘ఏంటి బ్రో, అమ్మాయిలా’ అన్న ఒక్కమాట, వాట్సాప్ గ్రూపులో ఒక స్టిక్కర్, ఆ మనిషి ఇక జన్మలో ఎవరికీ ఏమీ చెప్పడు. కాబట్టి లీడ్ చేయాల్సిన మొదటి పని జోక్ వేసినవాణ్ని ఆపడం, అదీ ఆ క్షణంలోనే: ‘వద్దన్నా, ఇది జోక్ కాదు.’ రెండోది, మగవాళ్లకి కూర్చోబెట్టి మాట్లాడించడం కన్నా పక్కపక్కన నడవడం తేలిక. ‘టీ తాగొద్దాం పద’ అని బయట టీ కొట్టుకి తీసుకెళ్లి, వాళ్లు మాట్లాడేదాకా మీరు ఐపీఎల్ గురించి మాట్లాడినా నష్టం లేదు.

ఏ మాట వింటే దారి మార్చాలి

‘నేను లేకపోతేనే అందరికీ మంచిది’, ‘ఇక ఇవన్నీ ఎన్నాళ్లో ఉండవులే’, ‘పిల్లల్ని మా అమ్మ చూసుకుంటుంది’. ఏడుపు మధ్యలో ఇలాంటి మాట దొర్లితే నిశ్శబ్దంగా వినే పద్ధతి అక్కడితో ఆగాలి. నేరుగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. అడిగితే చాలామందికి బరువు దిగినట్టుంటుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, క్యాబ్ ఎక్కించి పంపేయకండి, బాల్కనీ వైపో టెర్రస్ మీదకో నడకకి తీసుకెళ్లకండి. టెలి మానస్ 14416కి వాళ్ల ముందే స్పీకర్లో ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవ రోజంతా ఉచితంగా ఉంటుంది, తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు. ఇంట్లో ఎవరిని పిలవమంటారో అడిగి, వాళ్లొచ్చేదాకా పక్కనుండండి. ఎలా చేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నట్టు తెలిస్తే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, లేదంటే 112. రహస్యం గురించి ముందే చెప్పిన మినహాయింపు ఇక్కడే అక్కరకొస్తుంది.

అంత తీవ్రత లేకపోయినా రెండు వారాలు దాటి రోజూ ఏడుపు వస్తోంది, నిద్ర లేదు, తిండి సహించడం లేదు అంటే డాక్టరుని కలవమనే మాట ఎత్తాలి. డిప్రెషన్ అని మీరు పేరు పెట్టకండి. మీరు చూసింది మాత్రం చెప్పండి: ‘ఈ నెలలో మీరు మూడుసార్లు లంచ్‌కి రాలేదు, నిద్ర పట్టడం లేదని రెండుసార్లు అన్నారు.’ చాలా కంపెనీలు బయటి సంస్థ ద్వారా ఉచిత కౌన్సెలింగ్ పెడతాయి, ఎవరు వెళ్లారో మేనేజర్‌కి తెలియదు. ఆ నంబరు ఇంట్రానెట్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. వెతికి మీరే పంపండి.

ఒకే కాల్‌లో మళ్లీ మళ్లీ ఏడుస్తుంటే

ఏడుపులు ఎప్పుడు, ఎక్కడ జరుగుతున్నాయో మేనేజర్ మనసులో లెక్కేసుకోవాలి. వేర్వేరు మనుషులు, వేర్వేరు కారణాలు, కానీ ప్రతిసారీ అదే ఏడున్నర కాల్‌లో అయితే, టిష్యూ డబ్బాతో అయ్యే పని కాదది. ఆ కాల్ ఎలా నడుస్తోందో చూడండి. తప్పు జరిగిందని తెలిసిన రోజే, పన్నెండు గంటలు పనిచేసిన మనిషిని, పదిహేను మంది ముందు ‘ఎవరు చేశారు?’ అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నని ‘తప్పు ఎక్కడ మన కన్ను తప్పించుకుంది?’ అని మార్చమని క్లయింట్ వైపు మేనేజర్‌తో విడిగా మాట్లాడొచ్చు. జవాబు లీడ్ ఒక్కరే చెప్పేలా, వివరాలు మర్నాడు రాతలో వెళ్లేలా ఒప్పందం చేసుకోవచ్చు. కాల్‌కి రావాల్సినవాళ్ల జాబితా పదిహేను నుంచి ఐదుకి తగ్గించొచ్చు. క్లయింట్లు దీనికి మనం భయపడినంతగా అడ్డుచెప్పరు, వాళ్లకి కావాల్సింది కారణం, పేరు కాదు. ఒప్పుకోకపోతే, ఆ ప్రశ్నకి మీరే ‘టీమ్ తరఫున నాది బాధ్యత’ అని జవాబివ్వండి. ఆ మాట చెప్పడానికి పైనుంచి ఏ అనుమతీ అక్కర్లేదు.